వేడినీళ్లు ఎంతవరకు వస్తాయో చూసి పైపు ఎంచుకోండి

ప్రశ్న: నమస్కారమండీ. కొత్తగా రెండంతస్తుల ఇల్లు కట్టుకుంటున్నాం. డాబా మీద నీళ్ల ట్యాంకు, దాని పక్కనే సోలార్ హీటర్ పెట్టాలని ఉంది. కింది బాత్‌రూమ్‌లో కరెంటు గీజర్ కూడా ఉంటుంది. ప్లంబర్ సీపీవీసీ వేద్దామంటున్నాడు. మేస్త్రి పీపీఆర్ వేస్తే ఇక లీకు మాటే ఉండదంటున్నాడు. మా బావగారేమో అన్నిటికీ మామూలు పీవీసీ చాలు, మిగతాది డబ్బు దండగ అంటున్నారు. వచ్చే వారమే గోడలు కొట్టాలి. గోడలోకి వెళ్లిన పైపును మళ్లీ తీయలేం కదా, అదే టెన్షన్. మూడింట్లో ఏది వేయమంటారు?

సమాధానం:

ముందుగా ఒక మాట అండీ. ఇల్లంతటికీ ఒకే పైపు వేయాలని నియమమేమీ లేదు. మీ ఇంట్లో ముగ్గురూ మూడు రకాలు చెబుతున్నారంటే, ముగ్గురూ ఇంటిని ఒకే లైనుగా చూస్తున్నారన్నమాట. లైనును ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్క దగ్గర ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ ముక్కలోకి ఎప్పుడైనా, పొరపాటునైనా, ఎంత వేడి నీళ్లు రాగలవు? మామూలు రోజున ఎంత వేడి ఉంటుందన్నది కాదు, అన్నిటికన్నా చెడ్డ రోజున ఎంత ఉంటుందన్నదే లెక్క. ఆ అంకె తెలిస్తే పైపు ఏదో సగం తేలిపోతుంది. ఆ పైపును మీ ఊళ్లో ఎవరు, ఎలా అతికించగలరన్నది మిగతా సగం.

మూడు పైపుల హద్దులు చెబుతాను. మామూలు పీవీసీ, అంటే నీళ్ల సరఫరాకు వాడే గట్టి యూపీవీసీకి పైహద్దు 60 డిగ్రీలు. అయితే 60 దాకా దాని బలమంతా అలాగే ఉండి, 61 దగ్గర హఠాత్తుగా పోదు. పైపు మీద రాసే ప్రెషర్ అంకె 23 డిగ్రీల చన్నీళ్లకు వేసిన లెక్క. 50 డిగ్రీలకు చేరేసరికి ఆ బలంలో 40 శాతం దాకానే మిగులుతుంది, 60 దగ్గర అయిదో వంతు. వేడినీళ్ల లైనుకు యూపీవీసీ పనికిరాదనడానికి కారణం ఇదే. ఒక్క రోజులో పగలకపోవచ్చు. కానీ క్లాంపుకీ క్లాంపుకీ మధ్య మెల్లగా కిందికి వంగుతుంది, జాయింట్ల దగ్గర చెమర్చడం మొదలవుతుంది. ఎవరింట్లోనైనా గీజర్ పక్కన తెల్ల పైపు వంపు తిరిగి కనిపిస్తే, దానికి ఇంతకన్నా వేరే కారణం వెతకక్కర్లేదు.

సీపీవీసీ కూడా పీవీసీయే. తయారీలో దానికి ఇంకొంత క్లోరిన్ చేరుస్తారు, దాంతో వేడిని తట్టుకునే శక్తి పెరుగుతుంది. ఎస్‌డీఆర్ 11 రకం పైపు 23 డిగ్రీల దగ్గర సుమారు 28 బార్, 82 డిగ్రీల దగ్గర దాదాపు 7 బార్ ప్రెషర్‌ను ఏళ్ల తరబడి మోయగలదు. 93 డిగ్రీలు దాని చివరి హద్దు. ఎస్‌డీఆర్ అంటే పైపు బయటి వ్యాసాన్ని గోడ మందంతో భాగిస్తే వచ్చే అంకె, కాబట్టి అంకె తగ్గేకొద్దీ గోడ మందం. దుకాణంలో 13.5 కూడా ఉంటుంది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. వేడినీళ్లకు 11 అడగండి, పైపు మీద అచ్చు చదివి తీసుకోండి.

పీపీఆర్ వేరే జాతి ప్లాస్టిక్, పాలీప్రొపిలీన్. 70 డిగ్రీల నీళ్లను 50 ఏళ్ల పాటు మోసేలా దాన్ని లెక్కగడతారు. 95 డిగ్రీలు ఎప్పుడో కాసేపు వస్తే ఓర్చుకుంటుంది, రోజూ వస్తే మాత్రం ఆయుష్షు కరిగిపోతుంది. పైపు మీద పీఎన్ 20 అని ఉంటే ఆ 20 బార్ అన్నది 20 డిగ్రీల నీళ్లకు చెప్పిన మాట. 70 దగ్గర అందులో మూడో వంతుకు కాస్త అటూఇటూగా మిగులుతుంది. అయినా ఇంటికి అది చాలు.

ఎందుకు చాలు అంటున్నానో చెబుతాను. ట్యాంకు నుంచి నీళ్లు వాటంతటవే దిగే ఇంట్లో ప్రెషర్ చాలా తక్కువ. 10 మీటర్ల ఎత్తుకు ఒక బార్, అంతే. మీ డాబా ట్యాంకు కింది బాత్‌రూమ్ కుళాయికి 7 మీటర్ల పైన ఉంటే అక్కడ 0.7 బార్, పై అంతస్తు షవర్‌కు 3 మీటర్ల పైన ఉంటే 0.3 బార్. మూడు పైపుల్లో ఏదీ ఈ ప్రెషర్‌కు పగలదు. రేపు ప్రెషర్ పంపు పెట్టుకున్నా 3 బార్ దాటడం అరుదు. కాబట్టి ఎన్ని బార్‌లు తట్టుకుంటుందన్న పోటీని పక్కన పెట్టండి. మీ ఇంటికి ముఖ్యమైనవి మూడే: వేడి, లోపలి రంధ్రం, జాయింటు.

రంధ్రం సంగతి ఎవరూ చెప్పరు, అందుకే దానికి కాస్త చోటిస్తున్నాను. పీపీఆర్‌లో 20 మిల్లీమీటర్ల పైపు అంటే అది బయటి వ్యాసం. పీఎన్ 20 రకానికి గోడ 3.4 మిల్లీమీటర్లు, రెండు వైపులా తీసేస్తే లోపల మిగిలేది 13.2. సీపీవీసీలో ముప్పావు అంగుళం పైపును కూడా చాలామంది 20 అనే పిలుస్తారు. కానీ దాని బయటి వ్యాసం 22 పైన, లోపలి రంధ్రం 18 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పేరు ఒకటే అయినా నీళ్లు పారే చోటు సీపీవీసీలో దాదాపు రెట్టింపు. 3 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లకు ఈ తేడా షవర్ కింద నిలబడ్డప్పుడు బాగా తెలుస్తుంది. సీపీవీసీ ముప్పావు అంగుళం గీసిన డ్రాయింగ్‌ను చూసి, దాని బదులు 20 పీపీఆర్ వేసేసి, తర్వాత నీళ్లు సన్నగా వస్తున్నాయని ట్యాంకును ఇంకా పైకెత్తిన వాళ్లున్నారు. ముప్పావు సీపీవీసీ వేసే చోట పీపీఆర్ వేయాలంటే కనీసం 25 వేయాలి. దాని రంధ్రం 16.6 మిల్లీమీటర్లు, అప్పటికీ కాస్త తక్కువే. పై అంతస్తుకు పోయే ప్రధాన లైను అయితే 32 వేయించండి.

ఇక మీ ఇంటిని ముక్కలు చేద్దాం. మీ కొలతలు నాకు తెలియవు కాబట్టి, డాబా నుంచి దిగే వేడినీళ్ల లైను 12 మీటర్లు అనుకుని చెబుతున్నాను.

ట్యాంకు నుంచి కిందికి దిగే చన్నీళ్ల లైనుకు మీ బావగారి మాట సరైనదే. అక్కడికి వేడినీళ్లు రావు, యూపీవీసీ హాయిగా సరిపోతుంది. అయితే రెండు షరతులు. ఒకటి, డ్రైనేజీకి వాడే పల్చటి పీవీసీ కాకుండా సరఫరా లైన్ల కోసం చేసిన షెడ్యూల్ 40 గానీ 80 గానీ తీసుకోవాలి. పైపు మీద మరలు కోసి బిగించే పని ఉంటే 80 తప్పనిసరి, 40 పైపుకు మరలు కోస్తే గోడ మరీ పల్చనవుతుంది. రెండోది ఎండ. డాబా మీద ఎండలో పడి ఉన్న పైపు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారుతుంది. నీటి ఆధారిత యాక్రిలిక్ పెయింటు ఒక కోటు వేస్తే చాలా మేలు. ఆయిల్ పెయింటు వద్దు. ఎండ బాధ పీపీఆర్‌కు ఇంకా ఎక్కువ, దాన్ని డాబా మీద తొడుగు లేకుండా వదలకూడదు.

కింది బాత్‌రూమ్ గీజర్ దగ్గర కాస్త జాగ్రత్త కావాలి. గీజర్ నుంచి బయటికి వచ్చే లైను వేడిది కాబట్టి సీపీవీసీ వేస్తారు, అందరికీ తెలిసిందే. గీజర్‌లోకి వెళ్లే చన్నీళ్ల లైనును మాత్రం చన్నీళ్లేగా అని యూపీవీసీతో తీసుకెళతారు. అక్కడే తప్పు జరుగుతుంది. గీజర్‌లో నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. ఆ నీళ్లు వెళ్లడానికి వేరే దారి లేకపోతే వచ్చిన దారినే వెనక్కి జరుగుతాయి. అందుకని గీజర్‌కు వచ్చే చన్నీళ్ల పైపును కూడా ఆ బాత్‌రూమ్ గోడ వరకు సీపీవీసీతోనే వేయండి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే ఎన్‌ఆర్‌వీ అనే వాల్వ్ పెడితే, గీజర్ మీద ప్రెషర్ రిలీఫ్ వాల్వ్ కచ్చితంగా పని చేసేది ఉండాలి. అది లేకుండా ఎన్‌ఆర్‌వీ ఒక్కటే పెడితే వ్యాకోచించిన నీళ్లకు అన్ని దారులూ మూసేసినట్టే. ఇక గీజర్ మూతికి నేరుగా ప్లాస్టిక్ బిగించకండి. మొదటి అడుగు, అడుగున్నర దూరం లోహపు ఫ్లెక్సిబుల్ గొట్టంతో తీసుకెళ్లి, అక్కడి నుంచి ప్లాస్టిక్ మొదలుపెట్టండి. థర్మోస్టాట్ పాడైతే ఆ మూతి దగ్గర ఎంత వేడి వస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

అసలు సమస్య సోలార్ హీటర్. మేస్త్రీ, ప్లంబరూ ఇద్దరూ దాన్ని గీజర్‌తో సమానంగా చూస్తున్నట్టున్నారు. గీజర్‌కు థర్మోస్టాట్ ఉంటుంది, 60 నుంచి 75 డిగ్రీల మధ్య ఆగిపోతుంది. సూర్యుడికి థర్మోస్టాట్ లేదు. మీరంతా నాలుగు రోజులు ఊరెళ్లి, ఆ నాలుగు రోజులూ మంచి ఎండ కాస్తే ట్యాంకులో నీళ్లు 90 డిగ్రీలకు దగ్గరవుతాయి. గాజు గొట్టాల రకమైతే మరిగే దాకా కూడా పోవచ్చు. మీరు తిరిగొచ్చి కుళాయి తిప్పగానే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా పైపులోకి దిగుతాయి. సీపీవీసీకి అది హద్దు అంచు, పీపీఆర్ ఏళ్ల తరబడి మోయగల 70 డిగ్రీలనైతే దాటేసినట్టే. పిల్లలు కుళాయి తిప్పితే చర్మం కాలడం ఇంకో ప్రమాదం.

అందుకని సోలార్ ట్యాంకు నుంచి బయటికి వచ్చే మొదటి ముక్కను ప్లాస్టిక్‌తో వేయకండి. రాగి గానీ జీఐ గానీ వేసి, దాన్ని నేరుగా ఒక మిక్సింగ్ వాల్వ్‌లోకి తీసుకెళ్లండి. ఈ వాల్వ్ వేడినీళ్లలో తనంతట తానే చన్నీళ్లు కలిపి, మీరు పెట్టిన వేడికి మించి బయటికి వదలదు. 55 డిగ్రీలకు పెట్టుకుంటే ఆ తర్వాత ఇంట్లోకి దిగే లైనంతా సీపీవీసీకీ పీపీఆర్‌కూ కూడా సుఖంగా ఉండే వేడిలోనే ఉంటుంది. కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. చాలా మిక్సింగ్ వాల్వులు పంపు ప్రెషర్ కోసం చేసినవి, 0.3 బార్ దగ్గర వాటి నుంచి నీళ్లు సరిగా రావు. తక్కువ ప్రెషర్‌కు పనికొచ్చే రకం కావాలని అడిగి, డబ్బా మీద కనీస ప్రెషర్ ఎంతో చదివి తీసుకోండి.

సోలార్‌లోకి చన్నీళ్లు వెళ్లే పైపు, గాలి కోసం పైకి నిలబెట్టే వెంట్ పైపు, ఈ రెండూ కూడా వేడి తగిలేవే. చన్నీళ్ల పైపులోకి ట్యాంకు వేడి మెల్లగా వెనక్కి పాకుతుంది, వెంట్ పైపులోంచి ఆవిరి వస్తుంది. ఈ రెండు చోట్లా యూపీవీసీ వేసి, ఒక వేసవి గడిచాక వెంట్ పైపు పక్కకు వాలిపోయిన ఇళ్లు చూశాను. వెంట్‌ను లోహంతోనే వేయండి. చన్నీళ్ల పైపులో ట్యాంకు దగ్గరి మీటరు, మీటరున్నర కూడా లోహంతో వేసి, ఆ తర్వాతే యూపీవీసీతో కలపండి.

ఇప్పుడు మిగిలింది మిక్సింగ్ వాల్వ్ నుంచి బాత్‌రూమ్‌ల దాకా, గీజర్ నుంచి కుళాయిల దాకా ఉన్న లైను. ఇక్కడ సీపీవీసీ వేసినా, పీపీఆర్ వేసినా వేడి పరంగా ఇబ్బంది లేదు. అయినా ఏదో ఒకటి చెప్పమంటే మీ ఇంటికి సీపీవీసీ అంటాను. అందులో రంధ్రం పెద్దది, మీ ప్రెషర్ తక్కువ. పైగా పీపీఆర్ వేడికి ఎక్కువ పెరుగుతుంది. లెక్క చూడండి. ఆ 12 మీటర్ల లైనులో నీళ్లు 25 నుంచి 55 డిగ్రీలకు వేడెక్కితే సీపీవీసీ రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ పొడుగవుతుంది, మామూలు పీపీఆర్ అయిదున్నర సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మధ్యలో గాజునార పొర ఉన్న పీపీఆర్ ఇంత పెరగదు, కానీ దాన్ని ప్రత్యేకంగా అడిగి తెప్పించుకోవాలి. గోడలో పూడ్చిన పైపును సిమెంటు పట్టి ఉంచుతుంది కాబట్టి అక్కడ పెద్ద బెంగ లేదు. డక్టులో బయటికి కనిపిస్తూ దిగే పైపుకు మాత్రం పెరగడానికి చోటివ్వాలి. ఒకచోట గట్టిగా పట్టే క్లాంపు వేసి, మిగతావన్నీ పైపు జారేలా వదులుగా ఉంచి, నిలువు లైను అడ్డంగా తిరిగే చోట ఎల్బోను గోడకు ఆనించకుండా ఉంచితే చాలు. రెండు చివర్లూ బిగించేస్తే పైపు మధ్యలో విల్లులా వంగి, ఆ లాగుడంతా జాయింటు మీద పడుతుంది.

నేను సీపీవీసీ అన్నానని మేస్త్రి మాటను తీసిపారేయకండి. పీపీఆర్ జాయింటు బాగా కుదిరితే దానికి సాటి లేదు. పైపూ ఫిట్టింగూ రెండూ కరిగి ఒకే వస్తువైపోతాయి. కుదరకపోతే మాత్రం ఆ తప్పు బయటికి కనిపించదు. అందుకే పైపు రకం తేల్చే ముందు, ఆ పని చేసే మనిషి చేత ఒక నమూనా జాయింటు చేయించి కోసి చూడమంటాను. అరగంట పని, ఒక కప్లర్, రెండు పైపు ముక్కలు చాలు.

పీపీఆర్ అయితే ఇలా చూడండి. 25 పైపును అడ్డంగా, చదరంగా కోయాలి. తడి, దుమ్ము లేకుండా తుడవాలి. సాకెట్‌లోకి ఎంత దూరం వెళ్లాలో, అంటే 15, 16 మిల్లీమీటర్ల దగ్గర, పెన్సిల్‌తో గీత పెట్టాలి. మెషిన్ 260 డిగ్రీలకు చేరాక పైపునూ ఫిట్టింగునూ రెండు వైపుల నుంచి ఒకేసారి అచ్చుల్లోకి తిప్పకుండా నేరుగా తోయాలి. పూర్తిగా లోపలికి వెళ్లాక 7 సెకన్లు. తీసిన తర్వాత 4 సెకన్ల లోపే ఒకదాంట్లోకి ఒకటి గీత వరకు తోసి, కదలకుండా పట్టుకోవాలి. వంకర ఉంటే మొదటి ఒకటి రెండు క్షణాల్లోనే కాస్త సరిచేయొచ్చు, తర్వాత తిప్పితే లోపల చినుగుతుంది. రెండు నిమిషాల వరకు దాని మీద బరువు పడకూడదు. మీ పనివాడు చేతిలో వాచీ గానీ ఫోనులో టైమర్ గానీ లేకుండా అంచనాతో చేస్తుంటే అక్కడే మీకు సగం అర్థమైపోతుంది.

చల్లారాక ఆ జాయింటును హ్యాక్సాతో నిలువుగా రెండు చెక్కలు చేయించండి. కోసిన మందంలో పైపు ఎక్కడ ఆగింది, ఫిట్టింగు ఎక్కడ మొదలైంది అన్న గీత కనిపించకూడదు. సన్నగా నల్లటి గీతో, ఖాళీనో కనిపిస్తే వేడి చాలలేదు. అలాంటి జాయింటు టెస్టులో నిలబడి, కొన్ని నెలల వేడీ చలీ తిన్నాక ఊడుతుంది. తర్వాత లోపలి రంధ్రం చూడండి. పైపు చివర చిన్న గుండ్రటి అంచు రావడం సహజం. ఆ అంచు లావుగా లోపలికి పొంగి రంధ్రాన్ని సగం మూస్తుంటే, ఎక్కువసేపు వేడి చేశాడు లేదా గీత దాటి లోపలికి తోశాడు. ఈ రెండో తప్పు ఎప్పుడూ లీకవదు, అందుకే ఎవరికీ దొరకదు. ఒక్క బాత్‌రూమ్‌లోనే నీళ్లు సన్నగా వస్తున్నాయి, కుళాయి మార్చినా బాగుపడలేదు అనే ఫిర్యాదుల వెనక తరచుగా ఇదే ఉంటుంది. ఇంకో సంగతి, లోపల నీటి చుక్క ఉన్న పైపును వెల్డ్ చేస్తే ఆవిరి బుడగ పడుతుంది. రేపు రిపేరు వస్తే లైనంతా ఆరబెట్టాలి, కరెంటూ మెషినూ ఇరుకు గోడలో పట్టాలి. పీపీఆర్‌ను సొల్యూషన్‌తో అతికించే మార్గం లేనే లేదు, దానికి ఏ జిగురూ పట్టదు.

సీపీవీసీకి పనిముట్లు తక్కువ, కానీ ఓపిక ఎక్కువ కావాలి. ముందు పైపును చదరంగా కోసి, అంచు చుట్టూ రజను గీరి, కాస్త వాలుగా చెక్కాలి. ఆ రజను వదిలేస్తే అతికించడానికి పూసిన సాల్వెంట్ సిమెంటునంతా సాకెట్ అడుక్కి గీసుకుంటూ పోతుంది. తర్వాత పొడిగా పెట్టి చూడాలి. సాకెట్ లోతులో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల వరకు వెళ్లి బిగుసుకోవాలి. అలా బిగుసుకోకుండా అడుగుదాకా వదులుగా జారిపోతే ఆ ఫిట్టింగు పక్కన పెట్టేయండి. సాల్వెంట్ సిమెంట్ అంటే జిగురు కాదు, పైపు పైపొరను మెత్తబరిచి రెంటినీ ఒకటి చేసే ద్రవం. బిగువు లేకపోతే కలవడానికి ఆ పొరలు ఒకదాన్నొకటి తాకవు. పైపు మీద ధారాళంగా, సాకెట్ లోపల పల్చగా పూయాలి. చాలామంది దీన్ని తలకిందులు చేసి సాకెట్‌లో దండిగా పోస్తారు. మిగులు సిమెంటు లోపల మడుగు కట్టి పైపు గోడను మెత్తబరుస్తూ ఉంటుంది, కొన్నాళ్లకు సరిగ్గా అక్కడే పగులుతుంది. పూసిన వెంటనే పావు చుట్టు తిప్పుతూ అడుగుదాకా తోసి, అర నిమిషం పట్టుకోవాలి. వదిలేస్తే పైపు కొంచెం వెనక్కి తన్నుకొస్తుంది. చుట్టూ సన్నటి వలయం తెగకుండా కనిపిస్తే పూత సరిపోయినట్టు. నమూనా జాయింటును మర్నాడు కోసి, ఎక్కడా పూత తగలని పొడి మచ్చ లేదని, లోపల మడుగు లేదని చూసుకోండి.

సిమెంటు డబ్బా సీపీవీసీదే అయి ఉండాలి. యూపీవీసీ డబ్బా మిగిలింది కదా అని అదే పూస్తే చన్నీళ్లకు నిలబడ్డట్టే ఉంటుంది, వేడికి వదిలేస్తుంది. డబ్బాలో సిమెంటు జెల్లీలా గట్టిపడితే పారేయాలి, థిన్నర్ కలిపి వాడకూడదు. మీ ఇంట్లో రెండు రకాల పైపులూ ఉంటాయి కాబట్టి, యూపీవీసీ నుంచి సీపీవీసీకి మారే చోట రెంటినీ ఏదో ఒక సిమెంటుతో అతికించేయకుండా మరల ఫిట్టింగు లేదా యూనియన్ పెట్టించండి.

సీపీవీసీకి ఒక బలహీనత ఉంది, నూనె జాతి పదార్థాలు పడవు. గ్రీజు, ఆయిల్ పెయింటు, మరలకు పూసే కొన్ని పేస్టులు, చెదల మందు కలిపిన ద్రావణాలు, ఖాళీలు పూడ్చే కొన్ని ఫోములు, చివరికి మెత్తటి కరెంటు వైరు తొడుగు ఏళ్ల తరబడి ఆనుకుని ఉన్నా సరే, పైపులో వెంట్రుకవాసి పగుళ్లు పుడతాయి. మరల దగ్గర దారం చుట్టి రంగు పూసి బిగించే పాత అలవాటును మీ ప్లంబర్ చేత మానిపించండి, టెఫ్లాన్ టేపు చాలు. ఒకే గాడిలో కరెంటు వైర్లనూ పైపునూ కలిపి దించకండి. కుళాయి బిగించే ప్రతి చోటా ఇత్తడి మరలు పొదిగిన ఫిట్టింగే వాడాలి. ప్లాస్టిక్ మరలోకి లోహపు కుళాయిని బలంగా తిప్పితే ఆ రోజు ఏమీ కాదు, కొన్ని నెలల తర్వాత టైల్ వెనక చెమ్మ మొదలవుతుంది. ఇత్తడి ఫిట్టింగు మాట పీపీఆర్‌కూ వర్తిస్తుంది.

నమూనాలు చూశాక పీపీఆర్ పని మీ మేస్త్రి మనిషి నిజంగా శుభ్రంగా చేస్తున్నాడు, సీపీవీసీ పని మీ ప్లంబర్ గబగబా పూసేస్తున్నాడు అనిపిస్తే నా ఎంపికను పక్కన పెట్టి పీపీఆరే వేయించండి, 25, 32 సైజుల్లో, పీఎన్ 20. గోడలో ఉన్న పైపు చెడిపోవడం అరుదు, చెడేది జాయింటే.

గోడ పూడ్చే ముందు టెస్టు చేయించండి. సీపీవీసీ అయితే చివరి జాయింటు తర్వాత 24 గంటలు ఆగండి. గీజర్, సోలార్, మిక్సింగ్ వాల్వ్ విడదీసి, కుళాయిల మూతులన్నిటికీ ప్లగ్గులు బిగించి, లైనులో నీళ్లు నింపి గాలంతా పోనివ్వండి. గాలి మిగిలితే ప్రెషర్ మీటరు ముల్లు నిజం చెప్పదు. చేతి పంపుతో 10 బార్ దాకా ఎక్కించి, వాల్వ్ కట్టి, మీటరు చూడండి. పీపీఆర్ ప్రెషర్‌కు కాస్త ఉబ్బుతుంది కాబట్టి మొదట్లో ముల్లు కొంచెం దిగడం లీకు కాదు. అరగంట తర్వాత మళ్లీ ఎక్కించి, అప్పటి నుంచి రెండు గంటలు చూడాలి. సీపీవీసీలో ముల్లు దిగిందంటే వెతకాల్సిందే. కంప్రెషర్ గాలితో టెస్టు చేస్తానంటే ఒప్పుకోవద్దు. గాలి ప్రెషర్‌లో ప్లాస్టిక్ పైపు పగిలితే ముక్కలు ఎగిరి మనుషులకు తగులుతాయి.

టెస్టు అయిపోయాక మీటరు విప్పనివ్వకండి. ప్రెషర్‌ను 3 బార్‌కు తగ్గించి, ప్లాస్టరింగు, టైల్స్ పని ముగిసేదాకా లైనును అలాగే నీళ్లతో ఉంచండి. ఎవరైనా పొరపాటున పైపులోకి మేకు దించితే అదే గంటలో ముల్లు చెబుతుంది, టైల్ పడకముందే ఆ ముక్క మార్చుకోవచ్చు. ప్లాస్టరింగుకు ముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఫోటోలు తీసుకోండి, నేల నుంచి ఎంత ఎత్తులో, మూల నుంచి ఎంత దూరంలో పైపు ఉందో అంకెలు కనిపించేలా.